జీతం పెరిగిన నెలలోనే తేలాల్సిన లెక్క

(అనంతపురంలో యువ ఉద్యోగుల కోసం జరిగిన ఒక సాయంత్రపు సమావేశంలో, విశ్రాంత బ్యాంకు అధికారి ఒకరు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకు వినపడుతోందా? సరే.

నన్ను పొదుపు గురించి మాట్లాడమన్నారు. అది చాలా పెద్ద విషయం, అంతా చెప్పే ఓపిక నాకూ లేదు, వినే ఓపిక మీకూ ఉండదు. అందుకే ఒక్క ముక్క తీసుకుంటాను. జీతం పెరిగింది. పెరిగినదాంట్లో ఎంత దాచాలి, ఎంత వాడుకోవచ్చు? పాత జీతం జోలికి నేను పోను. దానిమీద ఇల్లు ఇప్పటికే ఎలాగో నడుస్తోంది. కొత్తగా వచ్చిన డబ్బు సంగతే చూద్దాం.

బ్యాంకులో నేను చాలాకాలం లోన్ల సీట్లో కూర్చున్నాను. జీతం పెరిగిన కొద్ది నెలలకే పర్సనల్ లోన్ కోసం వచ్చేవాళ్ళను చూసి మొదట్లో ఆశ్చర్యపోయేవాణ్ణి. తర్వాత అర్థమైంది. జీతం పెరిగితే ఖర్చు చేసే ధైర్యం పెరుగుతుంది, దాంతోపాటు బ్యాంకు మీకు ఇవ్వగల అప్పు కూడా పెరుగుతుంది. మీ ఖాతాలో కొత్త జీతం పడగానే ఫోన్‌కు లోన్ మెసేజ్‌లు మొదలవుతాయి చూడండి. మీ జీతం పెరిగిందని మీ బంధువుల కంటే ముందు బ్యాంకుకే తెలుస్తుంది.

ఈమధ్య నా దగ్గరికి సలహాకు వచ్చిన ఒకతని లెక్క మీ ముందు పెడతాను. పేరు అక్కర్లేదు. పెనుకొండ వైపు విడిభాగాల కంపెనీలో పని. కాపురం ఇక్కడ పాతూరులో. భార్య ఇంట్లో బట్టలు కుడుతుంది, ఒక బిడ్డ స్కూలుకు పోతోంది. తల్లిదండ్రులు కళ్యాణదుర్గం వైపు పల్లెలో ఉంటారు. అతనికి హైక్ లెటర్ వచ్చింది. నెలకు 13 వేలు పెరిగినట్టు లెటర్‌లో ఉంది. ఇంట్లో అందరికీ 13 వేలనే చెప్పాడు.

పేస్లిప్ తెమ్మన్నాను. పాత జీతం 46 వేలు, కొత్తది 58 వేలు. అంటే పెరిగింది 12 వేలే. మిగతా వెయ్యి ఏమైందంటే, కంపెనీ తన వంతు కట్టే పీఎఫ్‌ను, గ్రాట్యుటీ కోసం పక్కన పెట్టేదాన్ని కూడా సీటీసీలో కలిపి చూపించారు. ఆ డబ్బు అబద్ధం కాదు, కానీ ఈ నెల చేతికి రాదు. ఇక 12 వేలలో కూడా అతని వంతు పీఎఫ్ ఉంది. బేసిక్ 23 వేల నుంచి 29 వేలకు పెరిగింది కాబట్టి 12 శాతం లెక్కన కోత 2,760 నుంచి 3,480కి పెరిగింది. వృత్తి పన్ను 200 అప్పుడూ ఇప్పుడూ అంతే. ఆదాయపు పన్ను ఈ జీతానికి కొత్త విధానంలో లేదు. చివరికి చేతికొచ్చేది 43,040 నుంచి 54,320 అయింది. తేడా 11,280. లెటర్‌లో 13 వేలు, ఖాతాలో 11,280. ఇంట్లో ప్లాన్లన్నీ మాత్రం 13 వేల మీద వేసుకున్నారు.

పన్ను మాట వచ్చింది కాబట్టి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ చేస్తున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఒక్కమాట. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో జీతగాళ్ళకు ఏడాదికి 12.75 లక్షల దాకా పన్ను లేదు. సరిగ్గా ఆ గీత దగ్గర ఉన్న మనిషికి 13 లక్షలకు పెంచారనుకోండి, ఆ పెరిగిన 25 వేలూ పన్నుకే పోతాయి, సెస్సుతో కలిపితే ఇంకో వెయ్యి చేతినుంచి పడుతుంది. గీత దాటినవాళ్ళు పేస్లిప్ చూడకుండా ఏ నిర్ణయమూ తీసుకోకండి.

మనవాడి దగ్గరికి వద్దాం. ఈ 11,280 అంతా కొత్త డబ్బేనా? కాదు. పాత బతుకే వచ్చే ఏడాది ఇంకొంచెం ఖరీదవుతుంది. అతని ఇంటి ఖర్చు నెలకు 40 వేలు. అద్దె తొమ్మిది వేలు, పాలు కూరగాయలు సరుకులు గ్యాసు కలిపి 11 వేలు, స్కూలు ఫీజు నెలకు పరిచి చూస్తే ఐదు వేలు, బైకు ఈఎంఐ 3,500, అమ్మానాన్నలకు నాలుగు వేలు, పెట్రోలూ కరెంటూ ఫోనూ చిల్లర ఖర్చులూ మిగతావి. వీటిలో వచ్చే ఏడాది ఏది ఎంత పెరగొచ్చో ఇద్దరం కూర్చుని రాశాం. ఇంటి ఓనరు అగ్రిమెంట్ మార్చేటప్పుడు 500 పెంచుతాడు. స్కూలు ఇంకో 500. సరుకులకు ఒక 700. మిగతా వాటికి 300. మొత్తం రెండు వేలు. దేశం మొత్తానికి ద్రవ్యోల్బణం ఇంత శాతం అని పేపర్లో వస్తుంది, అది మీకు సరిపోదు. మీ ఇంటి లెక్క మీరే రాసుకోవాలి, ఎందుకంటే స్కూలు ఫీజు కట్టే ఇంట్లో ఒక రకం, కట్టని ఇంట్లో ఇంకో రకం.

ఆ రెండు వేలు తీసేస్తే 9,280 మిగిలింది. నా దృష్టిలో అతని అసలు పెంపు ఇదీ. దాచేదెంత, వాడుకునేదెంత అని పంచుకోవాల్సింది దీన్నే.

ప్రభుత్వ ఉద్యోగులు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీకు డీఏ పెరిగితే దాన్ని జీతం పెంపుగా లెక్కపెట్టుకోకండి. ధరల సూచీ పెరిగిందని, ఆ లోటు పూడ్చడానికి ఇచ్చేది డీఏ. పైన చెప్పిన రెండు వేల లాంటిదే అది. ఇంక్రిమెంటు, పీఆర్సీ వేరు.

సరే, మనవాడు నా దగ్గరికి వచ్చేసరికి ఇంట్లో ఏం అనుకుని ఉన్నారు? రామ్‌నగర్‌లో రెండు బెడ్‌రూముల ఇల్లు చూశారు, అద్దె 13 వేలు, అంటే నాలుగు వేలు ఎక్కువ. భార్యకు స్కూటీ, ఈఎంఐ 3,400. అతనికి ఫోను, ఈఎంఐ 2,500. ఆదివారాలు బయట తిండి, ఎప్పుడైనా బెంగళూరు ట్రిప్పు, కలిపి రెండు వేలు. నాలుగూ కూడితే 11,900.

వీటిలో ఒక్కటైనా తప్పుడు ఖర్చా? కాదు. విడివిడిగా చూస్తే నాలుగూ న్యాయమైనవే. జీతం పెరిగాక ఇల్లు గుల్లయ్యేది దుబారా వల్లే అని మనవాళ్ళు అనుకుంటారు గానీ, నేను చూసినంతలో ఇలాంటి న్యాయమైన ఖర్చుల వల్లే ఎక్కువ. ఒక్కొక్కదాన్ని విడిగా పెంపు ముందు నిలబెడితే ‘పదకొండు వేలు పెరిగాయి, మూడు వేల నాలుగొందలు ఎంత’ అనిపిస్తుంది. నాలుగూ ఒకే డబ్బును చూపించి సరేననిపించుకుంటాయి.

ఇప్పుడు అసలు లెక్క చూడండి. అతని దగ్గర బ్యాంకులో ఉన్నది 60 వేలు. నెలకు మూడు వేలు ఆర్డీ కడుతున్నాడు. రేపు ఉద్యోగం పోతే, పాత ఖర్చు 40 వేలు కాబట్టి ఆ 60 వేలు నెలన్నర వస్తాయి, అంటే 45 రోజులు. నాలుగు కోరికలూ తీరితే ఖర్చు 51,900. అదే 60 వేలు ఇప్పుడు 35 రోజులకు అయిపోతాయి. జీతం 11 వేలు పెరిగింది, మనిషి పది రోజులు బలహీనపడ్డాడు.

అంతేకాదు, 54,320లో 51,900 పోతే మిగిలేది 2,420. మూడు వేల ఆర్డీ కట్టడానికే చాలదు. ఏడాది తిరిగేసరికి ధరల రెండు వేలు కూడా తోడైతే మిగిలేది 420. పెంపుకు ముందు మూడు వేలు దాచినవాడు పెంపు తర్వాత నాలుగొందల ఇరవై దాస్తాడన్నమాట.

ఖర్చుకు ఇలా రెండువైపులా దెబ్బ ఉంటుంది. ఒక వెయ్యి పొదుపులో పెడితే నిల్వ పెరుగుతుంది. అదే వెయ్యి నెలవారీ ఖర్చులో పెడితే నిల్వ పెరగకపోగా, ఆపద సమయానికి మీ దగ్గర ఉండాల్సిన మొత్తం పెరుగుతుంది. ఆరు నెలల ఖర్చు దగ్గర ఉంచుకోవాలని అంటారు కదా. ఆ 11,900 వల్ల ఆ మొత్తమే 71,400 పెరిగిపోయింది. అందుకే నేను నెలవారీ ఖర్చుకు భయపడినంతగా ఒకసారి అయిపోయే ఖర్చుకు భయపడను. దాచుకున్న డబ్బుతో ఫోను కొంటే ఆరోజుతో సరి. ఈఎంఐ, అద్దె, స్కూలు మార్పు అలా కాదు. వాటిని పెంచడం ఒక్క సంతకం పని. తగ్గించాలంటే ఇల్లంతా కదలాలి, పిల్ల స్నేహితులు మారాలి, చుట్టాలకు జవాబు చెప్పాలి.

మరి ఎంత దాచాలి? అందరికీ ఒకే శాతం చెప్పడం నాకిష్టం లేదు. నేను మూడు రకాల మనుషుల్ని చూస్తాను.

క్రెడిట్ కార్డు బాకీ ఉన్నవాళ్ళు, నూటికి రెండు రూపాయలు మూడు రూపాయల వడ్డీకి చేబదులు తెచ్చుకున్నవాళ్ళు మొదటి రకం. నూటికి రెండు అంటే ఏడాదికి 24 శాతం, మూడంటే 36. ఇలాంటి బాకీ ఉండగా ఆర్డీలో ఆరేడు శాతానికి దాచడంలో అర్థం లేదు. అసలు పెంపులో నూటికి 80 దాకా ఆ బాకీకే పోవాలి, అది తీరేదాకా. వడ్డీ బాకీ లేదు గానీ మూడు నెలల ఖర్చు చేతిలో లేనివాళ్ళు రెండో రకం. వాళ్ళు నూటికి 60 దాచాలి. మూడు నెలల నిల్వ ఉండి, వడ్డీ బాకీ లేనివాళ్ళు సగం దాచి సగం వాడుకోవచ్చు, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు.

సగం ఎందుకు అని అడుగుతారు. పెంపుకు ముందు మనవాడు చేతికొచ్చే జీతంలో దాస్తున్నది ఏడు శాతం. కొత్త డబ్బులో కూడా ఏడు శాతమే దాస్తే ఎన్నేళ్ళయినా ఏడులోనే ఉంటాడు. కొత్త డబ్బులో సగం దాస్తే, పాత ఖర్చుల్లో ఒక్కటి కూడా తగ్గించకుండానే మొత్తం శాతం రెట్టింపవుతుంది. మన ఇళ్ళల్లో ఉన్న ఖర్చు తగ్గించడం ఎంత గొడవో మీకు తెలుసు. ఇంకా రాని ఖర్చును ఆపడంలో ఆ గొడవ లేదు.

మొత్తం దాచెయ్యకూడదా? కొందరు ఉత్సాహంతో అలా చేస్తారు. మూడో నెలలో ఇంట్లో మొహాలు మాడతాయి, నాలుగో నెలలో ఆర్డీ మధ్యలో తీసేస్తారు, వడ్డీ కోసుకుని ఇస్తాం మేము. పెంపు వచ్చినట్టు ఇంట్లోవాళ్ళకు కూడా కొంచెమైనా కనపడాలి.

మనవాడు రెండో రకం. 9,280లో 60 శాతమంటే సుమారు 5,500. అది పాత మూడు వేలకు కలిపితే నెలకు 8,500, చేతికొచ్చే జీతంలో 15 శాతం దాటింది. వాడుకోవడానికి మిగిలింది 3,780. ఇందులో నాలుగు కోరికల్లో ఏది పడుతుందో ఇద్దరూ ఇంటికెళ్ళి తేల్చుకోమన్నాను. మర్నాడు ఫోన్ చేశాడు. ‘సార్, స్కూటీ ఒక్కటే. ఫోను ఇంకో ఏడాది వాడతా’ అన్నాడు. ఎందుకు స్కూటీ అంటే, బిడ్డను స్కూల్లో దింపడానికి, కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి ఆటోలకే పోతోందట. భార్య లెక్క భర్త లెక్కకంటే గట్టిగా ఉంది. నేను కాదనలేదు.

ఇంకో చిక్కు. హైక్ ఏప్రిల్ నుంచి వర్తిస్తుందని లెటర్‌లో ఉంటుంది, డబ్బు జులైలో పడుతుంది. మూడు నెలల ఎరియర్స్ ఒకేసారి వస్తాయి. ఇతనికి 33,840 వచ్చింది. ఈ ఎరియర్స్ చాలా ప్రమాదకరమైన డబ్బు. ఎందుకంటే అది సరిగ్గా ఒక డౌన్ పేమెంటుకో, కొత్తింటి అడ్వాన్సుకో సరిపోయే సైజులో ఉంటుంది. ఒకసారి వచ్చే డబ్బుతో మూడేళ్ళ ఈఎంఐ మొదలుపెడతారు. షోరూముల్లో ‘ముందు 30 వేలు కట్టండి చాలు’ అన్న మాట ఇలాంటివాళ్ళ కోసమే పుట్టింది. నేనతన్ని ఎరియర్స్ మొత్తం నిల్వలో వేయమన్నాను. కొత్త ఖర్చు నెలకు 45,400 అనుకుంటే మూడు నెలలకు 1,36,200 కావాలి. ఉన్నది 60 వేలు. నెలకు 8,500 చొప్పున ఆ తేడా పూడడానికి తొమ్మిది నెలలు పడుతుంది. ఎరియర్స్ కలిపితే ఐదు నెలలు చాలు.

పని ఎలా చేయాలో కూడా చెప్తాను. జీతం పడే ఖాతా నుంచి మరుసటి రోజే 5,500 వేరే ఖాతాకు పోయేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టాలి. కొత్త జీతం మొదటిసారి పడకముందే పెట్టాలి. రెండు మూడు నెలలు మొత్తం 54 వేలు చేతిలో ఆడాక అందులోంచి తీయడం కష్టం, అప్పటికి చెయ్యి అలవాటు పడిపోతుంది. ఆ వేరే ఖాతాకు ఫోన్‌పే, గూగుల్ పే తగిలించకండి. ధరల కోసం తీసిపెట్టిన రెండు వేలు కూడా మొదటి నెలల్లో పూర్తిగా ఖర్చు కావు, ఎందుకంటే ధరలన్నీ ఒకేరోజు పెరగవు. అవి కూడా అక్కడే పడుండనిస్తే జూన్‌లో స్కూలు ఫీజుకు చెయ్యి చాచక్కర్లేదు.

మన ప్రాంతం సంగతి కొంచెం చెప్పకపోతే ఈ లెక్క సగమే. పట్నాల్లో జీతం పెరిగితే కారు వస్తుంది. మన దగ్గర చాలాసార్లు బోరు వస్తుంది. కొడుక్కు జీతం పెరిగిందని తెలిసిన నెలలోనే నాన్న ఫోన్ చేస్తాడు: ‘శనక్కాయ ఎండిపోతాంది, ఇంకో బోరు ఏపిద్దాం నాయనా’ అని. ఇది విలాసమా? కానే కాదు. కానీ దాని తత్వం చూడండి. నీళ్ళు పడొచ్చు, పడకపోవచ్చు. పడకపోతే డబ్బు మొత్తం మట్టిలోకి పోతుంది, వెంటనే ఇంకో పాయింటు చూద్దామంటారు. అప్పు చేసి, పెరిగిన జీతంతో ఈఎంఐ కట్టుకుంటాలే అనుకుంటే పెంపు మొత్తం ఎండిన బోరుకు రెండు మూడేళ్ళు కడుతూ ఉంటారు. నేనిచ్చే సలహా ఒకటే. ఊరికి ఏడాదికి ఇంత అని ఒక మొత్తం ముందే అనుకుని, అది వాడుకునే భాగంలోంచి తీయండి. ఆ మొత్తం పోగయినప్పుడే బోరు మాట. నాన్నకు ఆ అంకె ముందే చెప్పేయండి. అడిగినప్పుడల్లా కాదనడం కంటే అది మర్యాదగా ఉంటుంది.

బంగారం కూడా అంతే. పెంపు వచ్చిందని ప్రొద్దుటూరు పోయి గొలుసు తెచ్చుకుని, పొదుపు చేశామంటారు. నగ కొన్నప్పుడు తరుగు, మజూరీ, మూడు శాతం జీఎస్టీ కట్టారు. అమ్మేటప్పుడు అవి తిరిగి రావు. గొలుసు కొనుక్కోండి, నేను వద్దనను, కానీ వాడుకునే భాగంలో రాసుకోండి. చీటీ విషయం కూడా ఒక్కమాటలో చెప్తాను. చివరిదాకా ఆగి ఎత్తుకుంటే అది పొదుపు. రెండో నెలలోనే పాడుకుని ఫ్రిజ్జు కొంటే అది అప్పు. రిజిస్టర్ కాని చీటీ అయితే రెండూ కాదు, దైవాధీనం.

ఈ లెక్క పనిచేయని చోటు కూడా ఉంది. ఒక ప్రైవేటు స్కూలు టీచరమ్మకు 18 వేల జీతం, ఈ ఏడాది నెలకు వెయ్యి పెంచారు. వాళ్ళింట్లో ధరలకే తొమ్మిది వందలు పోతాయి. అసలు పెంపు వంద రూపాయలు. ఆవిడకు సగం దాచమ్మా, 60 శాతం దాచమ్మా అని చెప్పడం ఎగతాళి చేయడమే. అక్కడ లోపం పొదుపులో లేదు, జీతంలో ఉంది. అలాంటివాళ్ళు ఉన్న పొదుపు ఆగకుండా చూసుకుంటే అదే ఎక్కువ.

ఇప్పటికే పెంపు వచ్చి ఏడాది అయినవాళ్ళు మీలో ఉంటారు. ఆ డబ్బు ఏమైందో తెలుసుకోవడానికి డైరీ రాయక్కర్లేదు. బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి, జీతం పడే ముందు రోజు ఖాతాలో ఎంత ఉందో చూడండి. నిరుడు ఇదే నెలలో ఎంత ఉందో చూడండి. మీ ఆర్డీలు, సిప్‌లు పెరగకుండా ఈ రెండు అంకెలూ దగ్గర దగ్గరగా ఉంటే పెంపు మొత్తం నెలవారీ ఖర్చులో కలిసిపోయినట్టే. అప్పుడు ఆటో డెబిట్ల వరస ఒక్కటి చూడండి. ఆ పెంపులో ఎక్కువ భాగం అక్కడే దొరుకుతుంది.

ఏమైనా అడగాలంటే అడగండి.

(సభలోంచి ఒక మహిళ: సార్, మీరు చెప్పినతను ఇల్లు ఇక ఎప్పటికీ మారకూడదా?)

మారొచ్చమ్మా. మంచి ప్రశ్న అడిగావు. అతని బైకు ఈఎంఐ ఇంకో పది నెలల్లో అయిపోతుంది, నెలకు 3,500 ఖాళీ అవుతుంది. అప్పటికి మూడు నెలల నిల్వ కూడా పూర్తయి ఉంటుంది, అంటే అతను మూడో రకంలోకి వచ్చేస్తాడు, 60 బదులు సగం దాస్తే చాలు. అలా ఇంకో తొమ్మిది వందలు వాడుకోవడానికి వస్తుంది. రెండూ కలిపితే 4,400. రామ్‌నగర్ ఇంటికి కావాల్సింది నాలుగు వేలు ఎక్కువ. అడ్వాన్సు మాత్రం నిల్వలోంచి తీయకుండా, ఆ నిల్వ పూర్తయ్యాక వచ్చే నెలల పొదుపులోంచి కట్టమన్నాను. ఆ ఇల్లే ఉంటుందని చెప్పలేం గానీ, ఆ వీధిలో టు-లెట్ బోర్డులు ఎప్పుడూ ఉండేవే.